సైన్‌బోర్డు చేసేవారికి కొలతల ఉత్తరం ఎలా రాయాలి: చూసే దూరం, అక్షరం ఎత్తు, బోర్డు పరిమాణం

కొత్తగా దుకాణం తెరిచేవారూ, పాత బోర్డు మార్చేవారూ నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "ఎంత దూరం నుంచి కనబడాలంటే అక్షరం ఎన్ని అంగుళాలు ఉండాలి, ఆ మాట బోర్డు చేసేవారికి ఎలా చెప్పాలి?" మొదటి సగానికి జవాబు చిన్న లెక్క. నష్టం జరిగేది రెండో సగంలో. మా బట్టల దుకాణానికి మొదటిసారి బోర్డు చేయించినప్పుడు నేను ఫోనులో "పన్నెండు అంగుళాల అక్షరాలు" అని చెప్పాను. వచ్చిన బోర్డు మీద టేపు పెట్టి చూస్తే, పైనున్న గుడి కొస నుంచి కిందనున్న ఒత్తు కొస వరకు సరిగ్గా పన్నెండు అంగుళాలు ఉంది. నడుమ ఉన్న అసలు అక్షరం మాత్రం ఆరు అంగుళాలే. ఎదుటి వరుసలోని దుకాణాల వాళ్లు కళ్లు చికిలించి చదవవలసి వచ్చింది. చేసిన వ్యక్తి మోసం చేయలేదు. నేను ఏ కొలత అడుగుతున్నానో నాకే స్పష్టంగా తెలియదు. అప్పటి నుంచి కొలతలన్నీ ఉత్తరంగా రాసి ఇస్తున్నాను. ఆ ఉత్తరాన్ని మీరు కూడా రాసుకోవడానికి వీలుగా ఒక్కొక్క మెట్టూ ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

ఒక పొడవైన కొలత టేపు, అది పట్టుకోవడానికి రెండో మనిషి, తెల్ల కాగితం, స్కేలు, పెన్సిల్, బోర్డు మీద రావలసిన మాటలు స్పష్టమైన చేతిరాతతో లేదా అచ్చులో ఉన్న ఒక కాగితం, దుకాణం ముందు భాగాన్ని ఎదురుగా నిలబడి తీసిన ఒక ఫొటో ఉంటే చాలు. కొలతలన్నీ అడుగులు, అంగుళాలలోనే తీయండి. మన దగ్గర ఈ పని చేసేవారు చదరపు అడుగు లెక్కనే మాట్లాడతారు కనుక, మధ్యలో సెంటీమీటర్లు కలిపితే పొరపాట్లు మొదలవుతాయి.

1. ఎక్కడ నిలబడి చదవాలో నిర్ణయించుకోండి

"దూరం నుంచి కనబడాలి" అనే మాట కొలత కాదు. మీ కొనుగోలుదారు ఏ చోట నిలబడినప్పుడు మీ పేరు చదవాలని మీరు కోరుకుంటున్నారో ఆ చోటును కాలితో తొక్కి గుర్తించండి. సాధారణంగా రెండు చోట్లు సరిపోతాయి: పేరు చదవవలసిన దూరపు చోటు ఒకటి, మీరు ఏం అమ్ముతారో చదవవలసిన దగ్గరి చోటు మరొకటి. అక్కడి నుంచి బోర్డు వేలాడే గోడ వరకు తిన్నగా టేపు పట్టి కొలవండి. రోడ్డు మీద రద్దీ వల్ల టేపు పట్టడం కుదరకపోతే, పది అడుగుల దూరానికి మీకు ఎన్ని అంగలు పడతాయో ముందు ఇంటి దగ్గర చూసుకుని, ఆ లెక్కన రోడ్డు నడిచి అంగలు లెక్కపెట్టండి. ఒకటి రెండు అడుగుల తేడా ఈ పనికి అడ్డం కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. గోడకు ఆనించి పెట్టే బోర్డు ఎదుట నిలబడినవారికి బాగా కనబడుతుంది కానీ, అదే రోడ్డు వెంట పక్క నుంచి వచ్చేవారికి నొక్కుకుపోయినట్లు కనబడుతుంది. గోడకు 20 అడుగుల ఎడంగా నడుస్తూ, 80 అడుగుల అవతల ఉన్న మనిషి కంటికి మీ బోర్డు వెడల్పు దాదాపు నాలుగో వంతే ఆనుతుంది. అక్షరం ఎత్తు ఎంత పెంచినా ఈ లోపం తీరదు. మీ గిరాకీలో ఎక్కువ భాగం ఒకే దిక్కు నుంచి రోడ్డు వెంట వచ్చేదైతే, పెద్ద బోర్డుకు పెట్టే డబ్బులో కొంత తీసి, గోడకు అడ్డంగా బయటికి నిలిచే, రెండు వైపులా రాత ఉన్న చిన్న బోర్డు ఒకటి చేయించుకోవడం మేలు. అయితే అది ఫుట్‌పాత్ మీదికి వస్తుంది కనుక ముందుగా మునిసిపల్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

2. దూరాన్ని అక్షరం ఎత్తుగా మార్చండి

బోర్డులు చేసేవారి దగ్గర ఒక పట్టిక ఉంటుంది. అందులో మూడు అంగుళాల అక్షరానికి ఒక గడిలో 30 అడుగులు, పక్క గడిలో 100 అడుగులు అని ఉంటుంది. మొదటిది హాయిగా చదవగల దూరం, రెండోది ఎంతో ప్రయత్నిస్తే చదవగల చివరి దూరం. రెండో గడిని చూపించి "ఇంత చిన్న అక్షరం చాలండీ" అన్నవారి మాట పట్టుకుని మీరు ఆర్డరు ఇవ్వకండి. ఆ పట్టిక ఇంగ్లీషు పెద్ద అక్షరాల కోసం చేసినదని కూడా గుర్తుంచుకోండి.

ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు అంగుళానికి పది అడుగులు అనేది మంచి లెక్క. తెలుగుకు నేను అంగుళానికి ఎనిమిది అడుగులే పట్టుకుంటాను. ఇది నా అనుభవం మీద పెట్టుకున్న లెక్క. కారణం మాత్రం మీ కళ్లతోనే చూడవచ్చు. ద, ధ, థ అక్షరాలను పక్కపక్కన రాసి దూరం జరగండి. లోపలి చుక్క, కింది చిన్న గీత కనబడకుండా పోగానే మూడూ ఒకటైపోతాయి. ప, ష, స విషయంలోనూ, బ, భ విషయంలోనూ అంతే. అక్షరాన్ని గుర్తుపట్టించే భాగం అంత చిన్నది కనుక, మొత్తం అక్షరం కాస్త పెద్దదిగా ఉండక తప్పదు.

అంటే దూరాన్ని అడుగుల్లో తీసుకుని ఎనిమిదితో భాగిస్తే అక్షరం ఎత్తు అంగుళాల్లో వస్తుంది. 80 అడుగులకు 10 అంగుళాలు, 32 అడుగులకు 4 అంగుళాలు. మీ గిరాకీలో పెద్ద వయసువారు ఎక్కువైతే ఆరుతో భాగించండి.

3. "అక్షరం ఎత్తు" అంటే ఏమిటో ఉత్తరంలో నిర్వచించండి

ఈ మెట్టు దాటవేస్తే మిగిలిన లెక్కంతా వృథా అవుతుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరానికి పైన, కింద ఏమీ ఉండదు కనుక ఎత్తు అంటే ఒకటే అర్థం. తెలుగులో తలకట్టు, గుడి, ఏత్వం పైకి వెళ్తాయి. ఒత్తులు కిందికి దిగుతాయి. కాబట్టి నేను "ల" అక్షరాన్ని కొలతగా పెట్టుకుంటాను. దానికి తలకట్టు లేదు, ఒత్తు లేనప్పుడు కిందికి దిగేదీ ఏమీ లేదు. "ల అక్షరం పై అంచు నుంచి కింది అంచు వరకు ఇన్ని అంగుళాలు" అని రాస్తే ఎవరు కొలిచినా ఒకే సమాధానం వస్తుంది. మీ పేరులో "ల" లేకపోతే "బ" తీసుకోండి; అదీ లేకపోతే పేరులోని ఏదో ఒక అక్షరాన్ని చెప్పి, తలకట్టు, గుడి, ఒత్తు కాకుండా దాని ఒంటి ఎత్తు అని రాయండి.

విడి అక్షరాలు చేయించేవారికి ఇది డబ్బు విషయం కూడా. అక్రిలిక్ అక్షరాలకు, స్టీలు అక్షరాలకు తరచుగా ఎత్తులో అంగుళానికి ఇంత అని ధర చెబుతారు. ఆ అంగుళం "ల"కు లెక్కపెడతారా, ఒత్తు కొస వరకు లెక్కపెడతారా అనేది ముందే తేల్చుకోకపోతే, బిల్లు దగ్గర అనుకున్నదానికి రెట్టింపు అంకె వినవలసి రావచ్చు.

4. బోర్డు పరిమాణం కట్టండి

ఇక్కడ ఒక దుకాణం లెక్క పూర్తిగా చూపిస్తాను. పేరు నమూనా కోసం పెట్టుకున్నది: "శ్రీ లక్ష్మీ వస్త్రాలయం". రెండు స్తంభాల మధ్య వెడల్పు 14 అడుగులు. షట్టర్ పెట్టె పై నుంచి స్లాబు కింది వరకు ఎత్తు 3 అడుగుల 6 అంగుళాలు, అంటే 42 అంగుళాలు. ఎదుటి ఫుట్‌పాత్ 50 అడుగుల దూరంలో ఉంది. ఆ ఫుట్‌పాత్ మీద ఒక పక్కకు ఉన్న ఆటో స్టాండు నుంచి ఐమూలగా కొలిస్తే 80 అడుగులు. పేరు ఆటో స్టాండు దగ్గర చదవగలగాలి కనుక "ల" ఎత్తు 10 అంగుళాలు. సరుకుల వరుస రోడ్డు మధ్యలోకి వచ్చినవారికి, అంటే సుమారు 32 అడుగుల నుంచి చదవగలిగితే చాలు కనుక దానికి 4 అంగుళాలు.

ఇక నిలువు లెక్క. పేరులో "శ్రీ", "క్ష్మీ" ఉన్నాయి కనుక పైన గుడిదీర్ఘానికి 4 అంగుళాలు వదలాలి. "స్త్రా", "క్ష్మీ" ఒత్తులకు కింద 6 అంగుళాలు కావాలి. అలా 10 అంగుళాల అక్షరం వరుస మొత్తం 20 అంగుళాలు ఆక్రమిస్తుంది. దాని కింద 4 అంగుళాల ఖాళీ, ఆ తరువాత సరుకుల వరుసకు ఒత్తులతో కలిపి 8 అంగుళాలు, బోర్డు పై అంచున 5, కింది అంచున 5. అన్నీ కూడితే సరిగ్గా 42. ఫాంటును బట్టి గుడి, ఒత్తుల కొలత అటూ ఇటూ అవుతుంది కానీ, మొత్తం ఎత్తులో సగం దాకా అక్షరం ఒంటికి కాక పై గుర్తులకూ కింది ఒత్తులకే పోతుందనే అంచనాతో మొదలుపెట్టడం క్షేమం.

అడ్డం లెక్క ఇంత కచ్చితంగా రాదు. 10 అంగుళాల తెలుగు అక్షరానికి పక్క ఖాళీతో కలిపి సుమారు 13 అంగుళాల వెడల్పు పట్టుకోండి. ఈ పేరులో ఏడు అక్షరాలకు 91, సున్నకు 9, మాటల మధ్య రెండు ఖాళీలకు 16, మొత్తం 116 అంగుళాలు. బోర్డు వెడల్పు 168 అంగుళాలు కనుక రెండు పక్కలా 26 అంగుళాల చొప్పున మిగులుతుంది. ఆ ఖాళీ చూసి ఫోన్ నంబర్లూ, దేవుడి బొమ్మా, కంపెనీల గుర్తులూ ఇరికించాలనే కోరిక అందరికీ కలుగుతుంది. ఆ ఖాళీ ఉంటేనే పేరు దూరానికి విడిగా నిలబడుతుంది కనుక దయచేసి వదిలేయండి.

లెక్క కట్టాక పేరు పట్టకపోతే ఏం చేయాలి? అక్షరాలను అడ్డంగా నొక్కించకండి. నొక్కిన తెలుగు అక్షరంలో గుండ్రాలు మూసుకుపోతాయి. సరుకుల వరుస తీసి షట్టర్ పక్క గోడ మీదికి మార్చండి, లేదా "శ్రీ"ని చిన్నదిగా పైన పెట్టండి. అదీ కుదరకపోతే చదివే దూరాన్నే తగ్గించుకుని, ఆ మాటను ఉత్తరంలో ఉన్నదున్నట్లు రాయండి.

ఇంగ్లీషులోనూ పేరు కావాలంటే తెలుగు వరుస కిందే దానికి చోటు చూసుకోండి. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల నిబంధనలు, 1990 ప్రకారం పేరు బోర్డు తెలుగులో ఉండాలి, వేరే భాషలో రాస్తే అది తెలుగు కిందే రావాలి.

5. ఉత్తరం రాయండి

పై లెక్కను ఉత్తరంలో పెడితే ఇలా ఉంటుంది.

> శ్రీయుత బోర్డుల తయారీదారు గారికి,
>
> నమస్కారములు. మా బట్టల దుకాణం ముందు భాగానికి ఒక పేరు బోర్డు చేయించదలచాము. కొలతలు కింద రాస్తున్నాను. వీటిలో దేనినైనా మార్చవలసి వస్తే పని మొదలుపెట్టక ముందే నాకు తెలియజేయగలరు.
>
> బోర్డు బయటి కొలత, ఫ్రేము అంచులతో కలిపి: వెడల్పు పద్నాలుగు అడుగులు (168 అంగుళాలు), ఎత్తు మూడు అడుగుల ఆరు అంగుళాలు (42 అంగుళాలు). దయచేసి మీరు స్వయంగా వచ్చి స్థలం మరొకసారి కొలుచుకోగలరు.
>
> మొదటి వరుస: శ్రీ లక్ష్మీ వస్త్రాలయం. ఇది 80 అడుగుల దూరం నుంచి హాయిగా చదవగలగాలి. ఇందులో "ల" అక్షరం పై అంచు నుంచి కింది అంచు వరకు 10 అంగుళాలకు తగ్గకూడదు. గుడులు, ఒత్తులు ఈ 10 అంగుళాలకు అదనం. వాటితో కలిపి వరుస సుమారు 20 అంగుళాలు వస్తుందని అంచనా.
>
> రెండో వరుస: చీరలు, పంచెలు, రెడీమేడ్ దుస్తులు. ఇది 32 అడుగుల నుంచి చదవగలగాలి. ఇందులో "ల" ఒంటి ఎత్తు 4 అంగుళాలు. "లు"లోని కొమ్మును కలపకుండా కొలవాలి.
>
> అక్షరాలను అడ్డంగా గానీ నిలువుగా గానీ సాగదీయవద్దు, నొక్కవద్దు. ఏసీపీ షీటు అతుకు ఏ అక్షరం మీదుగానూ పోకుండా, రెండు అక్షరాల మధ్య ఖాళీలో వచ్చేటట్లు చూడగలరు.
>
> పని మొదలుపెట్టే ముందు, బోర్డులో ఇరవయ్యో వంతు పరిమాణంలో, కొలత గీతలతో ఒక నమూనా అచ్చు పంపగలరు. దాని మీద నేను సంతకం చేసిన తరువాతే షీటు కోయగలరు. ధర చదరపు అడుగు లెక్కనా, అక్షరం ఎత్తు లెక్కనా అనేది, ఎత్తు లెక్కనైతే ఆ ఎత్తు ఎక్కడి నుంచి ఎక్కడి వరకు అనేది, మీ జవాబులో స్పష్టంగా రాయగలరు.
>
> బోర్డు బిగించక ముందు నేల మీద ఉంచి "ల" ఎత్తు కొలిచి చూసుకుంటాను. మాటల అచ్చు ప్రతి, దుకాణం ఫొటో జతచేశాను.
>
> ఇట్లు,
> దుకాణం యజమాని సంతకం, తేదీ

ఈ ఉత్తరంలో వెడల్పు, ఎత్తు అనే మాటలను అక్షరాల్లో రాయడానికి కారణం ఉంది. "14 × 3.5" అని రాస్తే మూడున్నర అడుగులని మీ ఉద్దేశం, చదివేవారు మూడు అడుగుల ఐదు అంగుళాలని అనుకోవచ్చు. "3.6" అని రాసి మూడు అడుగుల ఆరు అంగుళాలని అనుకునేవారూ ఉన్నారు. బోర్డు ఎత్తు ఒక అంగుళం పెరిగినా షట్టర్ పెట్టెకూ స్లాబుకూ మధ్య దిగదు. పక్కనే మొత్తం అంగుళాలు వేస్తే ఈ ప్రమాదం ఉండదు.

షీటు అతుకు మాట కూడా అనవసరం కాదు. ఏసీపీ షీటు అంటే రెండు పలుచని అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న పలక; అది సాధారణంగా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుతో వస్తుంది. 14 అడుగుల బోర్డుకు కనీసం ఒక అతుకు తప్పదు. అది "వ" మీదుగా నిలువుగా పోతే దూరానికి వేరే అక్షరంలా కనబడుతుంది.

6. నమూనా అచ్చును పరీక్షించండి

ఇరవయ్యో వంతు నమూనా అడగడంలో ఒక సౌకర్యం ఉంది. 168 అంగుళాల బోర్డు 8.4 అంగుళాలై ఏ4 కాగితం మీద అడ్డంగా సరిపోతుంది. దూరాన్ని కూడా ఇరవైతో భాగించండి: 80 అడుగులు 4 అడుగులవుతాయి. ఆ కాగితాన్ని గోడకు అంటించి నాలుగు అడుగుల దూరంలో, అంతే ఐమూలగా నిలబడితే, ఆటో స్టాండు దగ్గర నిలబడినవాడి కంటికి బోర్డు ఎంత కనబడుతుందో మీకూ అంతే కనబడుతుంది. సరుకుల వరుసను ఒక అడుగు ఏడు అంగుళాల నుంచి చూడండి.

ముందుగా కాగితం మీద "ల"ను స్కేలుతో కొలవండి. అది అర అంగుళం ఉండాలి. అంతకంటే తక్కువ ఉంటే, ప్రింటరు పేజీకి సరిపెట్టడానికి బొమ్మను కుదించి ఉండవచ్చు, లేదా బోర్డు చేసేవారు ఒత్తులతో కలిపి లెక్కపెట్టి ఉండవచ్చు. బోర్డు వెడల్పు 8.4 అంగుళాలు ఉందో లేదో చూస్తే ఈ రెండింటిలో ఏది జరిగిందో తెలిసిపోతుంది.

తరువాత మీ దుకాణం పేరు తెలియని ఎవరినైనా పిలిచి చదివించండి. మీకు పేరు తెలుసు కనుక మీ కన్ను లేని ఒత్తును కూడా ఉన్నట్లే చదివేస్తుంది. చదివినవారు ఎక్కడ తడబడితే ఆ అక్షరం దగ్గర ఫాంటు మార్చించండి. గీత మరీ లావుగా ఉన్న ఫాంటు అయితే "ష", "ఘ" లాంటి అక్షరాల లోపలి సందులు మూసుకుపోతాయి; "ల" ఎత్తులో ఆరో వంతు నుంచి ఏడో వంతు మందం ఉన్న గీత నాకు బాగా పనికివచ్చింది.

అక్షరదోషాలను ఈ దశలోనే పట్టుకోవాలి. మీరు ఫోనులో పంపిన తెలుగు మాటలు బోర్డు చేసేవారి పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో సరిగా రాక ఒత్తులు విడిపోవచ్చు. అందుకే చాలామంది ఆ మాటలను మళ్లీ అను అనే పాత తరహా తెలుగు ఫాంటులో టైపు చేస్తారు. తప్పులు దొర్లేది ఆ మళ్లీ టైపు చేసేటప్పుడే. మీరు జతచేసిన అచ్చు ప్రతిని పక్కన పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి సరిచూడండి.

7. బోర్డు వచ్చిన రోజు

నిచ్చెన వేయక ముందే బోర్డును నేల మీద పెట్టించి, "ల" ఎత్తు, బయటి వెడల్పు, ఎత్తు కొలవండి. పైకి ఎక్కించాక తప్పు కనబడితే దించడానికి కూలీ ఎవరిదన్న వాదన మొదలవుతుంది. బిగించాక మొదటి మెట్టులో మీరు గుర్తించిన చోటికే వెళ్లి నిలబడి చదవండి.

లోపల లైట్లున్న బోర్డు అయితే చీకటి పడ్డాక మరోసారి వెళ్లాలి. తెల్లటి వెలుగు అక్షరం అంచులు దాటి పరుచుకుని, పగలు స్పష్టంగా ఉన్న ఒత్తులను కలిపేస్తుంది. అలా జరిగితే అక్షరాలు పెద్దవి చేయించనవసరం లేదు. వెలుగు తగ్గించమని అడగండి, లేదా అక్షరాలకు వెలుగు ఉంచి వెనుక పలకకు ముదురు రంగు వేయించండి. ఈ రాత్రి పరీక్ష అయ్యే వరకు చివరి విడత డబ్బు మీ దగ్గరే ఉంచుకుంటామని మొదటే మాట్లాడుకుని, ఆ మాటను కూడా ఉత్తరంలో ఒక వాక్యంగా చేర్చండి.